గేటు దగ్గర నోటీసు: మాటల్ని మూడు కుప్పలుగా పోసి తిరగరాయడం ఎలా

నేను పర్సనల్ డిపార్ట్‌మెంట్‌లో చేరిన కొత్తలో, ఒక మందుల ఫ్యాక్టరీ గేటు దగ్గర అతికించిన నోటీసు ఇది. హెడ్డాఫీసు నుంచి ఇంగ్లీషులో వచ్చింది, తెలుగు చేసింది నేనే. అప్పట్లో నాకు బాగా రాశాననే అనిపించింది.

"ఇందుమూలముగా సమస్త కార్మికులకు తెలియజేయునది ఏమనగా, యాజమాన్య నిర్ణయానుసారము జూలై 1వ తేదీ నుండి ప్రథమ పాళీ విధులు ఉదయం 6.00 గంటలకు బదులుగా 5.45 గంటలకు ప్రారంభమగును. కావున కార్మికులందరు నిర్ణీత సమయమునకు 15 నిమిషములు ముందుగా హాజరు నమోదు చేసుకొనవలసినదిగా కోరడమైనది. పూర్వానుమతి లేకుండా గైర్హాజరైనచో తగు క్రమశిక్షణా చర్యలు తీసుకొనబడును."

జూలై 1న ప్యాకింగ్ సెక్షన్ వాళ్లు చాలామంది గేటు దగ్గరికి 5.45కే వచ్చారు. రావలసింది 5.30కి. ఎందుకలా అని అడిగితే ఒకావిడ చెప్పింది: "ఆరుకు పావుగంట ముందు రమ్మన్నారు కదా సార్, వచ్చాం." ఆవిడ నోటీసు చదివింది. అర్థం కాలేదని కూడా కాదు. 'నిర్ణీత సమయం' అంటే పాత ఆరు గంటలా, కొత్త 5.45నా అన్నది నేనే చెప్పలేదు. 'నిర్ణీత' అనే మాట బరువుగా ఉంది కాబట్టి, రాసేటప్పుడు అందులో ఏ టైమూ లేదన్న సంగతి నాకు కనపడలేదు. బరువైన మాటల కింద దాక్కునే ఖాళీలను బయటికి లాగడానికి నేను చేసే పని ఇక్కడ చెబుతున్నాను. ఇదే నోటీసును చివరిదాకా నడిపిస్తాను, మీరు మీ నోటీసును పక్కన పెట్టుకుని చేయండి.

1. ముందు ఎవరు, ఎక్కడ చదువుతారో ఒక చీటీ మీద రాయండి

'కార్మికులు' అని రాస్తే సరిపోదు. మా చీటీలో ఇలా ఉండేది: ప్యాకింగ్ లైన్, ఎక్కువమంది ఆడవాళ్లు, పదో తరగతి అటూ ఇటూ చదివినవాళ్లు. చుట్టుపక్కల తెలంగాణ ఊళ్ల వాళ్లే ఎక్కువ, కోస్తా నుంచి వచ్చి అద్దెకుంటున్న వాళ్లు కొంతమంది. గేటు దగ్గర బస్సు దిగి, థంబ్ పెట్టే మిషన్ ముందు లైన్లో నిలబడి చదువుతారు. అంటే చదవడానికి దొరికేది అర నిమిషం. చదవని వాళ్లకు సూపర్‌వైజర్ నోటితో చెబుతాడు.

ఒకే విషయం మూడు చోట్లకు వెళ్తుందని ఈ చీటీ చూస్తే తెలిసిపోతుంది. సంతకం, ముద్ర ఉన్న బోర్డు కాగితం ఒకటి, మిషన్ పక్కన అతికించే పేజీ ఒకటి, సూపర్‌వైజర్ నోటిమాట ఒకటి. మాటల స్థాయి మూడింటికీ ఒకటి కాదు.

2. నోటీసును మాటలుగా విడగొట్టి మూడు కుప్పలు పోయండి

ఒక తెల్లకాగితం మీద మూడు గడులు గీయండి. నేను పెట్టుకున్న పేర్లు ఇవి: కాగితం మాట, డ్యూటీ మాట, క్యాంటీన్ మాట. మొదటిది ఆర్డర్లలో, కోర్టుల్లో, సర్క్యులర్లలో తప్ప నోట రానిది. రెండోది సూపర్‌వైజర్ కార్మికుడితోనూ, కార్మికుడు మేనేజర్‌తోనూ ఇబ్బంది లేకుండా వాడేది. మూడోది తోటివాళ్ల మధ్యే చెల్లేది, పైవాడు వాడితే వెక్కిరింపులానో బెదిరింపులానో వినపడేది.

ఏ మాట ఏ గడిలోకి వెళ్తుందో నిఘంటువు చెప్పదు, చెవి చెబుతుంది. నేను ప్రతి మాటకూ ఒకటే ప్రశ్న వేసుకుంటాను: సూపర్‌వైజర్ ఈ మాటను లైన్లో ఉన్న ఒక పెద్దావిడ మొహం మీద అంటే ఆవిడ ఏం చేస్తుంది? "ఏంటి సార్?" అని మళ్లీ అడిగితే అది కాగితం మాట. మామూలుగా తలూపితే డ్యూటీ మాట. నవ్వినా, మొహం మాడ్చుకున్నా క్యాంటీన్ మాట.

మా నోటీసులోని 'గైర్హాజరు'ను తీసుకోండి. దాని చుట్టూ ఉన్న మాటలన్నీ రాసుకుంటూ పోతే ఇలా వస్తాయి. కాగితం గడిలో గైర్హాజరు. డ్యూటీ గడిలో రాకపోవడం, ఆబ్సెంట్. వయసు మళ్లిన వాళ్లయితే 'నాగా' అంటారు, అదీ ఈ గడిలోదే. క్యాంటీన్ గడిలో డుమ్మా కొట్టడం. ఇవన్నీ 'రాలేదు' అనే చెబుతున్నా చెప్పే తీరు వేరు. 'రాకపోవడం'లో తప్పు లేదు, జ్వరం వచ్చినా రాకపోవచ్చు. 'డుమ్మా'లో కావాలని ఎగ్గొట్టాడనే నింద ఉంది. 'గైర్హాజరు'లో రిజిస్టర్లో గుర్తు పడిందన్న సంగతి ఉంది. గడి మారినప్పుడు మర్యాదే కాదు, అర్థం కూడా కాస్త జరుగుతుందని ఈ ఒక్క వరుస చూస్తేనే తెలుస్తుంది.

క్యాంటీన్ గడి నింపడం దేనికి, ఎలాగూ వాడం కదా అంటారేమో. మీ నోటీసును జనం తమలో తాము ఏ మాటల్లో చెప్పుకుంటారో ఆ గడిలోనే ఉంటుంది. 'క్రమశిక్షణా చర్యలు' అని మీరు రాస్తే క్యాంటీన్‌లో అది 'పీకేస్తారంట'గా మారుతుంది. మీ ఉద్దేశం మొదట మెమో ఇవ్వడమే అయినా సరే. ఆ సంగతి ముందే తెలిస్తే 'మొదట మెమో ఇస్తారు' అని నోటీసులోనే రాసేయవచ్చు.

3. ఇంగ్లీషు మాటలన్నీ క్యాంటీన్ గడిలో పడేయకండి

కొత్తగా రాసేవాళ్లు ఇక్కడే ఎక్కువ తప్పు చేస్తారు, నేనూ చేశాను. తెలుగు మాట మర్యాద, ఇంగ్లీషు మాట చులకన అని ఒక లెక్క వేసుకుని 'షిఫ్టు' కొట్టేసి 'పాళీ' రాస్తారు. ఫ్యాక్టరీలో జరిగేది దీనికి తలకిందులు. షిఫ్టు, డ్యూటీ, ఓటీ, లీవ్, గేట్ పాస్, సూపర్‌వైజర్, పీఎఫ్ అన్నీ డ్యూటీ గడిలో హాయిగా కూర్చుంటాయి. 'ప్రథమ పాళీ' కాగితం గడిలోకి పోతుంది.

అసలు ఈ పరాయి మాటల లెక్క ఎప్పుడూ ఇంతే. 'హాజరు', 'జరిమానా', 'దరఖాస్తు', 'రద్దు' ఒకప్పుడు సర్కారు కచేరీల నుంచి వచ్చిన మాటలు. బ్రౌన్ దొర 1854లో ఇలాంటి వాటినే పోగేసి మిశ్రభాషా నిఘంటువు ఒకటి వేశాడు. అప్పుడు అవి బయటి మాటలు, ఇప్పుడు నోటీసులో అచ్చ తెలుగంత గంభీరంగా కనపడుతున్నాయి. కాబట్టి మాట ఏ భాషలో పుట్టిందని చూడకండి. ఇవాళ ఈ గేటు లోపల ఎవరు ఎవరితో వాడుతున్నారో చూడండి.

అలాగని ఇంగ్లీషు మాటలన్నీ ఒకే బరువు కాదు. జీతం విషయమే చూడండి. ఆఫీసు స్టాఫ్ 'శాలరీ' అంటారు, లైన్లో వాళ్లు 'జీతం' అంటారు, కాంట్రాక్టర్ కింద చేసేవాళ్లు చాలాచోట్ల 'పేమెంట్' అంటారు. నోటీసు అందరికీ అయితే 'జీతం' రాయండి, దాన్ని పరాయి మాటగా చూసేవాళ్లు ఎవరూ ఉండరు. 'వేతనం' మాత్రం 'కనీస వేతనం' లాంటి చట్టం పేర్లలోనే ఉంచండి.

చోటును బట్టి అర్థమే మారిపోయే మాటలు కొన్ని ఉంటాయి. ఆఫీసులో 'బదిలీ' అంటే ఒక చోటు నుంచి ఇంకో చోటికి ట్రాన్స్‌ఫర్. సింగరేణి గనుల్లో 'బదిలీ వర్కర్' అంటే రానివాళ్ల స్థానంలో పనిచేసే మనిషి. గని దగ్గర 'బదిలీ వారికి సూచన' అని పెడితే, ట్రాన్స్‌ఫర్ అయినవాళ్లకు కాక వేరే జనానికి చేరుతుంది. అలాగే 'పోండి' తెలంగాణలో మామూలు మాట. కోస్తా నుంచి వచ్చినవాళ్లకు అది కసిరినట్టు వినిపించవచ్చు. ఇద్దరూ ఉన్న చోట 'వెళ్లండి' అంటే సరిపోతుంది, ఎవరూ నొచ్చుకోరు.

4. క్రియ చివర చూడండి, స్థాయి అంతా అక్కడే ఉంది

పేర్లు మార్చి ఊరుకుంటే నోటీసు అతుకుల బొంత అవుతుంది. 'షిఫ్టుకు హాజరు కావలసినదిగా కోరడమైనది' అన్న వాక్యం వినండి. ముందు సగం లైన్లో మాట, వెనక సగం కలెక్టరాఫీసు మాట. తెలుగులో మర్యాద, అధికారం, చనువు ఎక్కువగా క్రియ తోకలో ఉంటాయి. ఒకే పనిని పైనుంచి కిందికి దించి చూడండి:

హాజరు కావలెను
హాజరు కావలసిందిగా కోరడమైనది
హాజరు కావాలి
రావాలి
రండి
వచ్చెయ్యండి
వచ్చెయ్

మొదటి రెండూ కాగితం. కావాలి, రావాలి, రండి డ్యూటీ. చివరివి రెండూ చనువు. 'వచ్చెయ్యండి'ని సూపర్‌వైజర్ నోటితో అనవచ్చు, గోడ మీద మాత్రం వద్దు. 'వచ్చెయ్' గోడ మీద ఉంటే అది నోటీసు కాదు, అవమానం.

డ్యూటీ గడిలో ఉన్న 'రావాలి', 'రండి' రెండింటినీ ఇష్టమొచ్చినట్టు కలపకండి. నా పద్ధతి ఇది: తప్పనిసరి అయితే '-ఆలి', ఎలా చేయాలో చెప్పేటప్పుడు '-అండి'. '5.30కల్లా థంబ్ పెట్టాలి' అన్నది నియమం. 'లీవ్ లెటర్ సూపర్‌వైజర్‌కు ఇవ్వండి' అన్నది దారి చూపడం. నియమాన్ని 'థంబ్ పెట్టండి' అని రాస్తే కొందరికి బతిమాలినట్టుంటుంది. చేయవద్దని చెప్పేటప్పుడు కూడా ఇంతే. 'ఫోన్ తేకూడదు' అంటే అందరికీ ఉన్న నియమం. 'ఫోన్ తేవద్దు' అంటే ఎదురుగా ఉన్న మనిషికి చెప్పినట్టుంటుంది. గోడ మీదకు మొదటిది, నోటి మీదకు రెండోది నప్పుతాయి.

ఇక 'తీసుకొనబడును'. ఈ 'బడు' కనపడిన ప్రతిచోటా ఆగి "ఎవరు?" అని అడగండి. చర్య ఎవరు తీసుకుంటారు? మా నోటీసులో దానికి జవాబే లేదు. 'కోరడమైనది'లోనూ కోరిన మనిషి లేడు. తిరగరాసేటప్పుడు ఆ మనిషిని వాక్యంలోకి తెస్తే స్థాయి దానంతట అదే ఒక మెట్టు దిగుతుంది: 'పర్సనల్ డిపార్ట్‌మెంట్ మెమో ఇస్తుంది.'

5. కదిలించకూడని మాటలకు ఎర్రగీత పెట్టండి

అన్నిటినీ డ్యూటీ గడిలోకి దించేద్దామనే ఉత్సాహం వస్తుంది. కొన్నిటిని దించకూడదు. మా దగ్గర ఒక షిఫ్ట్ ఇన్‌ఛార్జి ఇదే నోటీసును తన మాటల్లో రాసి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు: "చెప్పకుండా రాకపోతే ఒకరోజు ఫైన్." అతను అన్నది ఆ రోజు జీతం రాదని. చదివినవాళ్లకు అర్థమైంది వేరు: ఆ రోజు జీతం పోవడమే కాదు, ఇంకో రోజుది కూడా కోస్తారని. యూనియన్ వాళ్లు ఆ స్క్రీన్‌షాట్ పట్టుకుని నేరుగా పైకి వెళ్లారు. వాళ్లది తప్పు కాదు.

ఎందుకంటే చట్టంలో జరిమానా వేరు, రాని రోజుకు జీతం కోత వేరు. 1936 నాటి వేతన చెల్లింపు చట్టం జరిమానాను 8వ సెక్షన్లో, రానందుకు కోతను 9వ సెక్షన్లో విడివిడిగా పెట్టింది. 2019 వేతనాల కోడ్‌లోనూ ఆ రెండూ వేర్వేరుగానే ఉన్నాయి. జరిమానాకు పరిమితి ఉంది, దేనికి వేస్తారో ముందే నోటీసు పెట్టి ఉండాలి. కోత అయితే రాని సమయానికి తగ్గట్టే ఉండాలి. నోటిమాటలో మాత్రం ఈ రెండూ కలిసి 'ఫైన్' అయిపోతాయి. ఇలాంటి చోట తేలికైన మాట కోసం వెతకకండి. చట్టం మాటను ఉంచి, పక్కనే దాని అర్థం చెప్పండి: "ఆ రోజు గైర్హాజరుగా రాస్తారు. అంటే ఆ ఒక్క రోజు జీతం రాదు."

ఎర్రగీత పడేవి మామూలుగా ఇవి: తేదీలు, టైములు, మొత్తాలు, చట్టంలోనో, కంపెనీ పని నియమాలైన స్టాండింగ్ ఆర్డర్లలోనో ఉన్న పేర్లు, మందుల ఫ్యాక్టరీ అయితే కెమికల్స్ పేర్లు. మిగతావన్నీ కదిలించవచ్చు.

6. ఇప్పుడు తిరగరాయండి

పదాలు మార్చుకుంటూ పాత వాక్యాల వెంట నడవకండి. పాత నోటీసును బోర్లా పెట్టి, డ్యూటీ గడినీ ఎర్రగీత మాటలనూ ముందు పెట్టుకుని, చెప్పాల్సింది మొదటి నుంచి రాయండి. థంబ్ మిషన్ పక్కన పెట్టడానికి మాకు చివరికి వచ్చింది ఇది:

"జూలై 1 నుంచి మొదటి షిఫ్టు టైము మారింది.
ఇంతకుముందు 6.00కి మొదలయ్యేది. ఇప్పుడు 5.45కి మొదలవుతుంది.
5.30కల్లా గేటు దగ్గర థంబ్ పెట్టాలి.
కంపెనీ బస్సు ప్రతి స్టాపుకూ ఇప్పటికంటే 15 నిమిషాలు ముందే వస్తుంది.
లీవ్ కావాలంటే ముందురోజే మీ సూపర్‌వైజర్‌కు లీవ్ లెటర్ ఇవ్వండి.
లీవ్ లెటర్ ఇవ్వకుండా రాకపోతే ఆ రోజు గైర్హాజరుగా రాస్తారు, ఆ ఒక్క రోజు జీతం రాదు. మళ్లీ మళ్లీ అలా జరిగితే మొదట మెమో ఇస్తాం, తర్వాత స్టాండింగ్ ఆర్డర్ల ప్రకారం క్రమశిక్షణ చర్య ఉంటుంది.
- పర్సనల్ డిపార్ట్‌మెంట్"

బస్సు సంగతి పాత నోటీసులో లేనే లేదు. 'నిర్ణీత సమయం' తీసేసి 5.30 అని రాయగానే, ఆ టైముకు ఎలా రాగలరనే ప్రశ్న వచ్చింది. అప్పుడే ట్రాన్స్‌పోర్ట్ వాళ్లకు ఎవరూ చెప్పలేదని తేలింది.

సంతకం, ముద్ర ఉన్న బోర్డు కాగితానికి ఇందులో రెండు మూడు చోట్లే మారుతుంది. 'థంబ్ పెట్టాలి' బదులు 'హాజరు నమోదు చేసుకోవాలి', 'టైము' బదులు 'సమయం', కింద హోదా, తేదీ. 'ఇందుమూలముగా', 'ఏమనగా' అక్కడ కూడా అక్కర్లేదు. అవి లేనందుకు మా నోటీసు ఎప్పుడూ వెనక్కి రాలేదు. 1948 ఫ్యాక్టరీల చట్టం 108వ సెక్షన్ కూడా అడిగింది, ఇంగ్లీషుతో పాటు ఎక్కువమంది కార్మికులకు అర్థమయ్యే భాషలో పెట్టమనే.

సూపర్‌వైజర్‌కు కాగితం ఇచ్చి చదవమంటే గొంతు మారిపోతుంది, బడిలో పాఠం చదివినట్టు చదువుతాడు. అతనికి చేతిలో పెట్టుకునే చీటీ వేరే రాయండి, వినపడే తీరులో: "అక్కా, ఇకనుంచి మన డ్యూటీ పావు తక్కువ ఆరుకి. అయిదున్నరకల్లా గేటు దగ్గర ఉండాలి. బస్సు కూడా పావుగంట ముందే వస్తది, చూసుకోండి." అంకెలకు కూడా స్థాయి ఉంటుందని నాకు తెలిసింది ఇక్కడే. 'అయిదు గంటల నలభై అయిదు నిమిషాలు' కాగితం, 'పావు తక్కువ ఆరు' నోరు. 'వస్తది'ని నేను దిద్దలేదు, ఆ సూపర్‌వైజర్ మాట్లాడేది అలాగే. కోస్తా మనిషి చెబితే 'వస్తుంది' అంటాడు. ఎవరి చీటీ వాళ్ల నోటికి సరిపోవాలి. పక్క ఊరి యాసను అరువు తెచ్చుకుని రాస్తే మాత్రం ఎగతాళి చేసినట్టుంటుంది, అది అస్సలు వద్దు.

7. 'అర్థమైందా' అని అడగకండి

అడిగితే అందరూ అయిందనే అంటారు. అతికించే ముందు ఇద్దరికి చూపించండి, నోటీసుతో సంబంధం ఉన్నవాళ్లు ఒకరు, దాన్ని అమలు చేయాల్సినవాళ్లు ఒకరు. కాగితం వెనక్కి తీసుకుని, పనిలో తేలే ప్రశ్న వేయండి. మేము వేసినవి: "రేపు మీరు ఇంటి దగ్గర ఎన్నింటికి బయల్దేరతారు?", "బుధవారం లీవ్ కావాలంటే లెటర్ ఎప్పుడు ఇస్తారు, ఎవరికి?", "చెప్పకుండా ఒకరోజు రాకపోతే ఏమవుతుంది?"

మొదటి రెండింటికీ జవాబు సరిగ్గా వచ్చింది. మూడోదానికి ప్యాకింగ్‌లో ఒకావిడ "జీతం కట్" అంది, సూపర్‌వైజర్ "మెమో" అన్నాడు. మొదటిసారికి మెమో లేదని మేము అనుకున్నా, 'మళ్లీ మళ్లీ' అంటే ఎన్నిసార్లో నోటీసులో లేదు కాబట్టి అతనికి ఒక్కసారికే మెమో అన్నట్టు వినిపించింది. అందుకని ఆ మాట తీసేసి 'నెలలో మూడుసార్లు అలా జరిగితే' అని రాశాం. ఆ అంకె మేము కల్పించింది కాదు, మా స్టాండింగ్ ఆర్డర్లలో ముందు నుంచీ ఉన్నదే. తెలుగు చేసేటప్పుడు నేనే దాన్ని 'తరచుగా' అనే అర్థంలోకి జార్చేశాను.

ఆ ప్రశ్నలకు వాళ్లు వాడిన మాటలు కూడా రాసుకోండి, మీ గడుల కాగితంలో లేనివి అందులో దొరుకుతాయి. 'జీతం కట్' మా డ్యూటీ గడిలోకి అలాగే వచ్చింది. కాగితాన్ని పారేయకుండా ఫైల్లో పెట్టి, పైన తేదీ, సెక్షన్ పేరు వేయండి. ప్యాకింగ్ కోసం చేసిన కాగితం ల్యాబ్ వాళ్లకు పనికిరాదు, వాళ్ల డ్యూటీ గడిలో ఇంగ్లీషు ఇంకా ఎక్కువ. క్యాంటీన్ గడిని మాత్రం ఏడాదికోసారి కొత్తగా నింపాలి, ఆ మాటలు త్వరగా పాతబడతాయి.

కొత్తది అతికించే రోజు పాతదాన్ని మీ చేత్తో పీకేయండి. మా గేటు దగ్గర 'ప్రథమ పాళీ' కాగితం ఇంకో పక్షం రోజులు కొత్తదాని పక్కనే వేలాడింది. సంతకం ఉంది కదా అని కొందరు దాన్నే నమ్మారు.